ఐదువందల తలుపులు

ఫాల్గుణం వచ్చేసరికి ఆ ఊళ్ళలో దుతికా భోయికి ఎదురొచ్చేవి మేకలే. దసరా దాటిందంటే జనం పిల్లాజెల్లాతో రైలెక్కి తెలంగాణ ఇటుక బట్టీలకు పోతారు. ముసలివాళ్ళు, తాళాలు, గుమ్మాలకు అడ్డంపెట్టిన రేగుకంప మిగులుతాయి. వాటి మధ్య సైకిలు తొక్కుతూ, లేనివాళ్ళ గురించి ఉన్నవాళ్ళను అడగడమే ఆమె ఉద్యోగం. బలాంగీర్ జిల్లాలోని ఆ పద్నాలుగు ఊళ్ళకు భువనేశ్వర్ నుంచి ఏ సర్వే వచ్చినా పదహారేళ్ళుగా తిరిగేది ఆమే.

నలభై నాలుగేళ్ళ మనిషి. భర్త పోయి పదేళ్ళయింది. పిల్లలు లేరు. బ్లాకాఫీసు వెనక ఒక గది, పొద్దున ఇంత చద్దన్నం, సాయంత్రం మరమరాలు.

మూడేళ్ళ కిందటి సర్వేలో చివరి పరీక్ష నాటికి పిల్లలు తక్కువపడ్డారు. తేలాల్సింది తేలలేదు. నివేదికలో ఒక్క వాక్యం రాశారు: క్షేత్ర సిబ్బంది నిర్లక్ష్యం. సిబ్బంది అంటే ఆమె ఒక్కతే. తాళం వేసిన ఇంటికి ఆరుసార్లు వెళ్ళిన సంగతి ఎవరూ రాయలేదు. ఈసారి వచ్చింది ఐరన్ సిరప్పు అధ్యయనం. పాత సిరప్పు సగం మందికి, కొత్తది సగం మందికి ఇచ్చి, ఆర్నెల్ల తర్వాత రక్తం చూస్తారు. "ఇదీ తక్కువపడితే నిన్ను నేను కాపాడలేను దీదీ" అని సూపర్‌వైజరు పాణిగ్రాహి ముందే చెప్పేశాడు.

శ్రావణం మొదట్లో లెక్కలు చూసే స్మృతిరేఖ మేడమ్ స్వయంగా వచ్చింది. చిన్న వయసు. ఎనిమిది నెలల బిడ్డను అత్తగారి దగ్గర వదిలి వచ్చి, గంటకోసారి ఫోనులో "జ్వరం ఎంతుంది?" అని అడుగుతోంది. అంగన్‌వాడీ అరుగు మీద కూర్చుని కాగితం తీసింది.

"రెండు సిరప్పుల తేడా తేలాలంటే ఇంటికొకరు చొప్పున చివరికి మూడువందల అరవై మంది పిల్లలు ఉండాలి. కొందరు మొదట్లోనే ఒప్పుకోరు. కొందరు మధ్యలో పోతారు. ఎంతమంది అని మీ అంచనా?"

దుతిక తన పాత నోటుపుస్తకం విప్పింది. వంద తలుపులు తడితే పది తెరుచుకోవు, లేదా తెరిచి వద్దంటారు. చేరిన వందమంది పిల్లల్లో ఫాల్గుణానికి ఇరవైమంది ఊళ్ళో ఉండరు.

"పది, ఇరవై. మొత్తం ముప్ఫై శాతం. మూడువందల అరవైకి ముప్ఫై శాతం కలిపితే..." ధ్యాస సగం ఫోను మీదే ఉంది మేడమ్‌కి. "నాలుగువందల అరవై ఎనిమిది ఇళ్ళు. చాలు."

దుతిక నోటుపుస్తకం మూసింది.

"మేడమ్, ఇటుకల లెక్క ఇలా ఉండదు."

"ఇటుకలేంటి దీదీ మధ్యలో?" అన్నాడు పక్కనే ఉన్న పాణిగ్రాహి.

"చిన్నప్పుడు మూడేళ్ళు మా అమ్మానాన్నలతో తెలంగాణ బట్టీలోనే ఉన్నాను సార్. ఇటుకలు తిరగేసేది నేనే. పచ్చి ఇటుకల్లో వందకు పది వానకు కరిగిపోయేవి. మిగిలినవాటిలో వందకు ఇరవై మోతలో విరిగేవి. బట్టీ మూతి దగ్గర నిలిచినవే యజమాని లెక్కబెట్టేవాడు. వానది, మోతది కలిపి ముప్ఫై వేసుకున్న ఏడాది మాకు తక్కువపడ్డాయి. నాన్న తిట్లు తిన్నాడు."

"తక్కువెందుకు పడతాయి?" అంది మేడమ్.

"మీరన్న తలుపులే చూడండి. నాలుగువందల అరవై ఎనిమిదిలో పదోవంతు పోతే నాలుగువందల ఇరవై ఒకటి. అందులో అయిదోవంతు పోతే మూడువందల ముప్ఫై ఏడు. ఇరవై మూడుమంది తక్కువ. ఆ ఇరవై మూడుమందిని అప్పుడు నా నెత్తిన రాస్తారు."

స్మృతిరేఖ పెన్ను ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అవును. కలపడం కాదు, భాగించాలి. అదీ చివర్నుంచి వెనక్కి." మళ్ళీ రాసింది. "చేరినవాళ్ళలో వందకు ఎనభైమందే మిగులుతారు. మూడువందల అరవైని సున్నా పాయింటు ఎనిమిదితో భాగిస్తే నాలుగువందల యాభై. అంతమంది చేరాలి. తలుపుల్లో వందకు తొంభై తెరుచుకుంటాయి. నాలుగువందల యాభైని సున్నా పాయింటు తొమ్మిదితో భాగిస్తే ఐదువందలు."

"ముప్ఫై రెండిళ్ళు ఎక్కువ!" పాణిగ్రాహి నుదురు కొట్టుకున్నాడు. "ఎవరు తిరుగుతారు?"

"తిరిగేది నా సైకిలు. మీ జీపుకేం నొప్పి సార్?"

మేడమ్ నవ్వింది. వెళ్ళేముందు మాత్రం రెండు మాటలు గట్టిగా చెప్పింది. "ఇల్లు మూసుంటే పక్కింటి పిల్లను రాయొద్దు దీదీ. ఇంకోటి. సంఖ్య నిండినంత మాత్రాన అంతా తెలిసినట్టు కాదు. పోయినవాళ్ళు, ఉన్నవాళ్ళలాంటివాళ్ళు కాకపోవచ్చు. ఫారంలో ఎందుకు పోయారో రాసే గడి ఖాళీగా వదలొద్దు."

ఐదువందల తలుపులూ తట్టింది దుతిక. నాలుగువందల యాభై రెండు మంది చేరారు. జాబితాలో నాలుగువందల ఎనభై ఏడో తలుపు ఖగేశ్వర్ మాఝిది. ఆ ముప్ఫై రెండిళ్ళలో ఒకటి. లెక్క తప్పి ఉంటే ఆ గుమ్మం ఎక్కేదే కాదు. అతని నాలుగేళ్ళ కూతురు బుధబారి వేలు పొడిస్తే ఏడవలేదు. రక్తం ఎనిమిదికి కాస్త పైన. కనురెప్ప కింద తెల్లగా ఉంది.

వారం వారం సిరప్పు ఇవ్వడానికి వెళ్తే పిల్ల సైకిలు గంట పట్టుకుని వదిలేది కాదు.

"మౌసీ, నీకు పిల్లలున్నారా?"

"లేరే."

"మరి ఈ గంట ఎవరికి?"

"దారిలో మేకలకు."

"మేకలకు గంటెందుకు? నాకు ఇచ్చేయ్."

"ఫాల్గుణంలో ఇంకోసారి వేలు పొడిపించుకో. ఇచ్చేస్తాను."

నువాఖాయి పండక్కి ఆ ఇంట్లోనే కొత్తబియ్యం తింది. పండగనాడు ఆమెను ఎవరైనా పిలిచి చాలా ఏళ్ళయింది. కార్తీకంలో ఒక మంగళవారం వెళ్ళేసరికి గుమ్మానికి రేగుకంప అడ్డంగా ఉంది. కోళ్ళు కూడా లేవు. బట్టీలకు కూలీలను కుదిర్చే సర్దారు వచ్చి తీసుకుపోయాడని పక్కింటి ముసలమ్మ చెప్పింది. ఖగేశ్వర్ వదిలివెళ్ళిన నంబరు ఆమె గోడ మీద బొగ్గుతో రాసి ఉంది.

ఫాల్గుణంలో రెండో రక్తపరీక్షలు ముగిశాయి. పాణిగ్రాహి ఫోను చేశాడు.

"మూడువందల అరవై మూడు దీదీ! నిండింది. మేడమ్ నీ పేరు నివేదికలో రాస్తానంది. ఇక సైకిలు పక్కన పెట్టు."

"మిగతా ఎనభై తొమ్మిదిమంది సార్?"

"వాళ్ళు పోతారనే కదా ముందే ఎక్కువ తీసుకున్నాం. నువ్వు చెప్పిందేగా!"

ఆమె చెప్పిందే. ఫోను పెట్టేశాక కూడా ఆ మాట చెవిలో ఉండిపోయింది. కిందటిసారి పిల్లలు తక్కువపడ్డప్పుడు కనీసం ఒక్కొక్క పిల్లను వెతికారు. ఈసారి లెక్క సరిపోయింది, వెతికేవాళ్ళు లేరు. ఎనిమిదికి కాస్త పైనున్న రక్తం ఇప్పుడెంతుందో ఎవరికీ అక్కర్లేదు.

సైకిలు తీసింది. ముసలమ్మ గోడ మీద నంబరు కొంత చెరిగింది. చెరిగిన అంకెలు మార్చి మార్చి కొడితే నాలుగోసారికి మోగింది.

"ఎవరు? ఒడిశోళ్ళ కోసమా? పన్ల ఉన్నరు. పొద్దూకినంక చెయ్యి."

"బుధబారి ఉందా? ఖగేశ్వర్ మాఝి కూతురు. బుధబారి" అంది తన భాషలో.

"ఏమంటున్నవో సమజైతలేదమ్మా." ఫోను ఆగిపోయింది.

బట్టీలో నేర్చిన నాలుగు తెలుగు ముక్కలు ఎప్పుడో మరిచిపోయింది. ఒక్కటి మాత్రం తెలిసింది. పొద్దూకడం. ఇటుకలు తిరగేస్తూ రోజంతా ఎదురుచూసిన మాట అది.

కారణం గడిలో వలసకు అంకె నాలుగు. వేసింది. పక్కనున్న ఖాళీలో ఆ నంబరు రాసుకుంది. సంచిలోంచి పానా తీసి, సైకిలు గంట మరలు వదులు చేసి ఊడదీసింది. ముసలమ్మకు ఇవ్వబోయి, మానేసి సంచిలో వేసుకుంది.

రేగుకంపకు ఇవతల గడప మీద కూర్చుంది. ఎండ ఇంకా ఎదురింటి కప్పు మీదే ఉంది.