నాలుగో మినహాయింపు
లాయరుగారి ఆఫీసులో ఆవిడని అందరూ కత్తెరమ్మ అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడా పలుకుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని ఒకటే: చాంతాడంత నిబంధనని నాలుగు ముక్కల్లో, చదివినవాడికి అర్థమయ్యేలా రాయడం.

వినడానికి తేలికే, చేస్తే తెలుస్తుంది. ముందు ఎర్ర పెన్సిలుతో ఎవరు ఏం చేయాలో గీతలు పెడుతుంది. నీలం పెన్సిలుతో ఎప్పుడు చేయక్కర్లేదో గీస్తుంది. రెండూ లెక్కపెట్టి అంచున అంకెలు వేస్తుంది. చిన్నది చేశాక మళ్లీ లెక్కపెడుతుంది. అంకెలు కలవకపోతే పాత కాగితానికి వెళ్లాలి. ఆ నియమం ఆవిడే పెట్టుకుంది, కొత్తగా చేరిన ప్రతి గుమాస్తా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది.

ఆ వీధిలోనే బట్టలు కుట్టే ఒకామె దుకాణం. ఆమె కత్తిరిస్తుంది, చెల్లెలు కుడుతుంది. అద్దె కాగితం తిరగరాసే రోజొచ్చింది. "ఒక్క పేజీలో రావాలమ్మా, యజమాని తొందరపడుతున్నాడు" అన్నాడు లాయరుగారు.

పాత నిబంధన ఇలా ఉంది: "అద్దెదారు దుకాణమును ఏడు దినములకు మించి ఏకధాటిగా, నిరంతరాయముగా మూసి ఉంచరాదనియు, అట్లు మూసిన యెడల యజమాని నెల గడువుతో ఖాళీ చేయించుకొనవచ్చుననియు, అయితే అద్దెదారు అస్వస్థత, యజమాని చేయించు మరమ్మతులు, అధికారుల ఉత్తర్వులు, అద్దెదారు గాని ఆమెతో కలిసి పనిచేయువారు గాని ఆసుపత్రిలో చేరుట అను కారణములలో దేనివల్లనైనా మూసి, మూడు దినములలోగా వ్రాతపూర్వకముగా తెలిపిన యెడల ఇది వర్తింపదనియు..."

కత్తెరమ్మ రాసింది ఇది: "దుకాణాన్ని వరుసగా ఏడు రోజులకు మించి మూయకూడదు. మూస్తే యజమాని నెల గడువిచ్చి ఖాళీ చేయించవచ్చు. మీ అనారోగ్యం వల్ల, యజమాని చేయించే మరమ్మతు వల్ల, అధికారుల ఉత్తర్వు వల్ల మూస్తే, మూడు రోజుల్లో రాసి తెలిపితే చాలు, ఇది వర్తించదు."

ఎర్ర లెక్క కలిసింది. నీలం కలవలేదు. పాతదానిలో నాలుగు, కొత్తదానిలో మూడు. పాత కాగితం చేతిలోనే ఉంది. అస్వస్థత అన్నాక మళ్లీ ఆసుపత్రి దేనికి? ఏకధాటిగా, నిరంతరాయముగా అన్నట్టే ఇదీ లాయర్ల నోటి తీట అనుకుంది. అంచున ఉన్న నాలుగు కొట్టేసి మూడు వేసింది. ఇరవై రెండేళ్ల పేరు ఆవిడ నెత్తికెక్కి కూర్చుంది, ఇంకేం కాదు. లాయరుగారు చదివి, "శభాష్" అన్నాడు.

కుట్టుపని ఆమె ఆ కాగితం కౌంటరు మీద పెట్టుకుని తానే చదువుకుంది. "అక్కా, మొదటిసారి నాకు మొత్తం అర్థమైంది" అని సంతకం పెట్టింది. ఆ మాటకి కత్తెరమ్మ వారం రోజులు ఉబ్బితబ్బిబ్బయింది.

ఏడు నెలలకి చెల్లెలు జబ్బుపడి ఆసుపత్రిలో చేరింది. తోడు ఉండటానికి ఇంకెవరూ లేరు. దుకాణం పదకొండు రోజులు మూతపడింది. కాగితంలో చెప్పినట్టే అక్క రెండోరోజునే యజమానికి రాసి తెలిపింది. తిరిగొచ్చేసరికి ఖాళీ చేయమని నోటీసు.

కత్తెరమ్మ పాత ఫైలు తెచ్చి లాయరుగారి బల్ల మీద పరిచింది. "తప్పు నాది సార్. నాలుగోది నేను తీసేశాను. యజమానికి చెప్పండి, ఇద్దరూ ఒప్పుకుంటే ఇవాళే సరిచేయొచ్చు."

ఆయన ఫోను చేశాడు. యజమాని గొంతు గదంతా వినిపించింది. "పాతది నాకేనాడూ తలకెక్కలేదండీ. ఇది అర్థమైంది. నేను ఒప్పుకున్నది దీనికే."

లాయరుగారు ఫైలు మూశాడు. "మన క్లయింటు ఆయన. నువ్వు ఇంక మాట్లాడకు." ఆవిడ రాసినదాన్నే ఆవిడ నోరు మూయించడానికి వాడారు. సిగ్గుతో, కోపంతో ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం దుకాణానికి వెళ్లింది. మిషన్లు గోనెపట్టాల్లో చుట్టి ఉన్నాయి. చెల్లెలు ఇంకా మంచానికి అతుక్కుపోయే ఉంది. ఇంటి దగ్గర కత్తిరించుకోవడానికని కొలతల పుస్తకం ఒక్కటే బయట ఉంచింది ఆమె.

"కోర్టుకెళ్లమ్మా. నేను తీసేశానని ఎక్కడైనా చెప్తాను. ఉద్యోగం పోతే పోనీ."

ఆమె తాడు ముడి బిగిస్తూ తల అడ్డంగా ఊపింది. "ఆసుపత్రి చుట్టూ తిరగనా, కోర్టు చుట్టూ తిరగనా అక్కా? పాత కాగితం చూస్తే భయమేసేది. ఎప్పుడూ తెలిసినవాళ్ల చేత చదివించుకునేదాన్ని. ఇది నాకే అర్థమైంది కదా అని ఎవరికీ చూపించలేదు."