ఐదుని ఏడు రకాలుగా

ఆ రోజుల్లో నాకొక జబ్బుండేది. తెలుగువాళ్ళకి తెలుగువాడు సాయం చేశాడని ఎవరైనా అనుకుంటారేమోనని చచ్చేంత భయం. నిజానికి అనేవాళ్ళెవరూ లేరు. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఆ యూనివర్సిటీ ఊరు మొత్తానికి తెలుగు కుటుంబాలు నాలుగో ఐదో. మ్యాథ్ డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. అయినా ఎవరో నా భుజం మీదుగా తొంగి చూస్తున్నట్టే ఉండేది.

ఆ నాలుగైదు కుటుంబాల్లో ఒకాయన ఊళ్ళోని ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఆయన్ని అన్నయ్యా అని పిలిచేవాణ్ణి కాబట్టి ఆయన భార్య నాకు వదిన. ప్రతి ఆదివారం వాళ్ళింట్లోనే నా భోజనం. పాలకూర పప్పు, చారు, ఫ్రీజర్‌లోంచి తీసిన బెండకాయల వేపుడు. తిని సోఫాలో పడి నిద్రపోయేవాణ్ణి. లేచేసరికి కాఫీ. నా అంత సుఖపడ్డ గ్రాడ్యుయేట్ స్టూడెంట్ ఆ స్టేట్‌లోనే ఉండడు.

వదిన ఇండియాలో బీఎస్సీ మ్యాథ్స్. పాపకి రెండేళ్ళొచ్చాక, 1981లో, మా డిపార్ట్‌మెంట్‌లోనే ఆల్జీబ్రా కోర్సులో చేరింది. అందులో బీ తెచ్చుకుంటే ఎమ్మెస్‌లో సీటు, దాంతోపాటు టీచింగ్ అసిస్టెంట్‌షిప్. సీ వస్తే రెండూ లేవని అడ్మిషన్ల ఆయన ముందే మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ కోర్సుకి పేపర్లు దిద్దే గ్రేడర్ని నేను. ఇంట్లో "ఏమయ్యా, ఇంకొంచెం వేసుకో" అనే మనిషి డిపార్ట్‌మెంట్ కారిడార్‌లో కనబడితే "మీరు" అనేది. నా ఉద్యోగానికి మర్యాద ఇస్తోందన్నమాట. అది చూసి నేను మరీ బిగుసుకుపోయేవాణ్ణి.

రెండో పరీక్ష రోజున పాపకి చెవిపోటు, జ్వరం. వదిన రాలేకపోయింది. ప్రొఫెసర్ మంచివాడు, ఆమెకి విడిగా మేకప్ ఎగ్జామ్ పెడదామన్నాడు. నన్ను పిలిచి, "అదే స్థాయిలో వేరే ప్రశ్నలు రాసి, నువ్వే దిద్దెయ్యి" అన్నాడు. నా జబ్బు తిరగబెట్టింది.

క్లాసుకిచ్చిన పేపర్లో ఒక ప్రశ్న, 360 సైజులో ఎబీలియన్ గ్రూపులు ఎన్ని రకాలు అని. ఎబీలియన్ గ్రూపంటే, ఏ రెంటిని ఏ వరసలో కలిపినా ఫలితం మారని అంశాల గుంపు; సైజంటే అందులో ఎన్ని ఉన్నాయో ఆ లెక్క. పైకి వేరుగా కనబడ్డా లోపలి నిర్మాణం ఒకటే అయితే రెంటినీ ఒకటిగానే లెక్కపెడతాం. లెక్కపెట్టే పద్ధతి తేలికే. సైజుని ప్రైమ్ సంఖ్యలుగా విడగొట్టి, ఒక్కో ప్రైమ్ ఎన్నిసార్లు వచ్చిందో చూడాలి. 360 అంటే మూడు రెళ్ళు, రెండు మూళ్ళు, ఒక ఐదు. రెండు అనే ప్రైమ్ మూడుసార్లు వచ్చింది కాబట్టి మూడుని ఎన్ని రకాల కూడికలుగా రాయగలమో చూస్తాం. 3, లేదా 2+1, లేదా 1+1+1. మూడు రకాలు. రెండుని రెండు రకాలు, ఒకటిని ఒకటే. మూడింటినీ గుణిస్తే ఆరు. 360 సైజులో ఆరు గ్రూపులు, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు.

వదినకి అంత తేలిగ్గా ఇస్తే ఎవరేమనుకుంటారో. అందుకని నేను 1440 ఇచ్చాను. అంటే ఐదు రెళ్ళు, రెండు మూళ్ళు, ఒక ఐదు. మూళ్ళకి పాత రెండు రకాలే. రెళ్ళు ఐదయ్యాయి కాబట్టి ఇప్పుడు ఐదుని విడగొట్టాలి. పక్క కాగితం మీద గబగబా రాశాను. 5, 4+1, 3+2, 3+1+1, 2+1+1+1, 1+1+1+1+1. ఆరు. ఆరు రెళ్ళు పన్నెండు. పన్నెండని జవాబుల కీలో రాసేసి కాఫీకి వెళ్ళిపోయాను. 2+2+1 అనేది ఒకటుందని నా బుర్రకి తట్టలేదు. పీహెచ్‌డీ మూడో ఏడు వెలగబెడుతున్న బుర్ర అది.

వదిన పద్నాలుగని రాసింది. ఊరికే అంకె వేసి వదిలెయ్యలేదు, పద్నాలుగు గ్రూపుల్నీ వరసగా జాబితా రాసింది. అయితే క్లాసులో చెప్పినట్టు ప్రైమ్‌లు విడివిడిగా కాకుండా, ఇండియాలో నేర్చుకున్న రెండో పద్ధతిలో రాసింది. అందులో ఒక్కో గ్రూపుకీ కొన్ని సంఖ్యలుంటాయి, అన్నిటినీ గుణిస్తే 1440 రావాలి, ప్రతి సంఖ్యా తర్వాతి దాన్ని శేషం లేకుండా భాగించాలి. అదీ సరైన పద్ధతే. కానీ దిద్దేవాడికి నా కీతో పోల్చి చూడ్డం విసుగు. ఇంకెవరి పేపరైనా కూర్చుని పోల్చేవాణ్ణే. ఇది వదినది, నేను పనిగట్టుకుని మార్కులు వెతికినట్టు ఉండకూడదు. ఎర్ర పెన్నుతో 'రెండు రిపీట్ అయ్యాయి, జవాబు 12' అని రాసి, ఇరవైకి ఎనిమిది వేశాను. ఏ రెండు రిపీట్ అయ్యాయో రాయలేదు. నాకే తెలిస్తే కదా.

రెండు రోజుల తర్వాత ఆమె పేపరు పట్టుకుని నా ఆఫీస్‌కి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"నాకు పద్నాలుగొచ్చాయి. ఏ రెండు ఒకటో చెప్తారా?"

"ఐదుని ఆరు రకాలుగానే విడగొట్టగలం వదినా. ఆరు రెళ్ళు పన్నెండు. మీరేదో రెండుసార్లు రాసుంటారు, ఇంటికెళ్ళి చూసుకోండి."

"ఎంత చూసినా కనబళ్ళేదు."

"మళ్ళీ చూడండి. నాకిప్పుడు క్లాసుంది."

క్లాసు లేదు. ఉన్నా ఇంకో ముప్పావు గంటకి. ఆమె పేపరు మడిచి బ్యాగులో పెట్టుకుని, "సరేనండీ" అని వెళ్ళిపోయింది. ఆ 'అండీ' ఇప్పటికీ ఎక్కడో గుచ్చుకుంటుంది. ప్రొఫెసర్ దగ్గరికి వెళ్తుందేమోనని రెండు రోజులు కాస్త బెదిరాను కూడా. వెళ్ళలేదు. నన్ను నమ్మింది.

కోర్సులో ఆమెకి సీ ప్లస్ వచ్చింది. బీకి తొమ్మిది మార్కులు తక్కువ. నేను కోసింది పన్నెండు.

గ్రేడ్లు వెళ్ళిపోయిన మూడు వారాలకి వేసవి క్లాసులో ఇదే పాఠం నేను చెప్పాల్సొచ్చింది. 32 సైజు, అంటే ఐదు రెళ్ళు, తీసుకుని, బోర్డు మీద ఆరూ రాసి, ఆరని గీత గీశాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి చెయ్యెత్తి, "రెండూ రెండూ ఒకటీ?" అంది. థ్యాంక్స్ చెప్పి ఏడో వరస రాశాను. తిన్నగా ఆఫీస్‌కి పోయి, ఫోటోకాపీలు పెట్టుకున్న ఫైల్లో వదిన పేపరు తీశాను. అక్కడే ఉన్నాయి. తొమ్మిదో వరసలో 2, 4, 180. పదో వరసలో 2, 12, 60. దేన్ని గుణించి చూసినా 1440. రెండూ ఆ 2+2+1 లోంచి పుట్టినవే. నా కీలో లేని రెండు గ్రూపులు ఆవిడ పేపర్లో నీట్‌గా, కొట్టివేతల్లేకుండా ఉన్నాయి.

గ్రేడ్ మార్చడానికి ఒక ఫారం ఉంటుంది. ప్రొఫెసర్ సంతకం ఒక్కటి చాలు. ఫారం తెచ్చి, కోర్సు నంబరు నింపి, ఆయన గది ముందు నిలబడ్డాను. తలుపు తీసే ఉంది. ఆయన నా అసిస్టెంట్‌షిప్ రెన్యువల్ లెటర్ ఆ వారమే రాయాలి. ఐదుని కూడికలుగా విడగొట్టడం రానివాడి గురించి ఏం రాస్తాడు? పైగా పిల్లిలా వెళ్ళి తెలుగావిడ గ్రేడ్ పెంచమని అడిగితే ఎలా ఉంటుంది? ఈ రెండో సాకు ఎంత నీచమైందో అప్పుడు కూడా నాకు తెలుసు. ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేశాను.

ఆ ఆదివారం కూడా వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. పప్పు వడ్డిస్తూ వదిన, ఇన్సూరెన్స్ ఆఫీస్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగానికి అప్లై చేశానని మామూలుగా చెప్పింది. "మళ్ళీ తీసుకోవచ్చుగా కోర్సు?" అన్నాడు అన్నయ్య. "వద్దులెండి. లెక్కలకి ఒక చూపుండాలి" అంది. నేను తలొంచుకుని అన్నం కలుపుకున్నాను. రెండోసారి అడిగి మరీ వేయించుకుని తిన్నాను, సిగ్గులేని వెధవని.

తర్వాత వాళ్ళు నార్త్ కరోలినాలో క్యారీకి మూవ్ అయ్యారు. నాకు ఇంకో స్టేట్‌లో ఉద్యోగం వచ్చింది. దీపావళికి ఫోన్లు చేసుకునేవాళ్ళం. ప్రతిసారీ చెబుదామనుకునేవాణ్ణి. ఫోన్లో ఏం బావుంటుంది, కలిసినప్పుడు చెబుదాంలే అని నాకు నేనే వాయిదా వేసుకునేవాణ్ణి.

1988లో కలిశాను. వాళ్ళ దగ్గర్లోనే కాన్ఫరెన్స్, శనివారం మధ్యాహ్నం కార్‌లో వచ్చి అన్నయ్య తీసుకెళ్ళాడు. పాపకి తొమ్మిదేళ్ళు. కిచెన్ టేబుల్ దగ్గర ఐదు బాదం పప్పులు ముందు పెట్టుకుని హోమ్‌వర్క్ చేస్తోంది. ఐదింటిని ఎన్ని రకాల కుప్పలుగా పెట్టొచ్చో కనుక్కురమ్మని స్కూల్లో ఇచ్చారట. వదిన స్టవ్ దగ్గర పకోడీలు వేస్తోంది.

"అమ్మా, సెవెన్ ఒచ్చింది."

"ఆరే తల్లీ," అంది వదిన, వెనక్కి తిరక్కుండానే. "ఏదో రెండుసార్లు రాసుంటావు, మళ్ళీ చూడు."

అది నా మాట. ఏడేళ్ళ కింద నా ఆఫీస్ గుమ్మంలో నేనన్న మాట, అక్షరం పొల్లుపోకుండా ఆ ఇంట్లో వంటింటి దాకా వచ్చి కూర్చుంది.

పాప ఒప్పుకోలేదు. బాదం పప్పులు మళ్ళీ జరిపింది. రెండు, రెండు, ఒకటి. "ఇది నేను వన్ టైమే రాశా. అంకుల్, సిక్సా సెవెనా? మీరు మ్యాథ్ ప్రొఫెసర్ కదా?"

"అంకుల్‌ని అడుగు, ఆయనే చెప్పారు నాకు ఆరని," అంది వదిన నవ్వుతూ. మనసులో ఏమీ లేని నవ్వది.

"ఏడు," అన్నాను. "నువ్వే కరెక్టమ్మా. ఏడు రకాలు. అప్పుడు నేను తప్పు చెప్పాను వదినా. అదే వేసవిలో తెలిసింది నాకు. చెప్పలేదు."

పాప సంతోషంగా కాగితం మీద ఏడని రాసుకుంది. వదిన చిల్లుల గరిటె పట్టుకునే ఇటు తిరిగింది. పెదవులు కదిలాయి.

"ఏడు రెళ్ళు పద్నాలుగు," అంది మెల్లగా.

"అవును."

తిడితే బావుండేది. ఏడేళ్ళుగా ఆ తిట్ల కోసమే ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది.

"నాలుగు రోజులు వెతికానండీ ఆ రెండూ ఎక్కడ కలిశాయో," అంది.

స్టవ్ కట్టేసి, పకోడీలు ప్లేట్లో వేసి నా ముందు పెట్టింది. వంటింట్లో నన్ను 'అండీ' అనడం అదే మొదటిసారి.