పూర్ణిమ పుస్తకం, ప్రణతి కార్డు

పూర్ణిమకు కోపం వస్తే మాట్లాడదు. కడుపుమంట పుడితే మాత్రం ఆగకుండా మాట్లాడుతుంది. నంద్యాల బస్టాండు వెనక మేడ మీద ఉన్న మా ఆఫీసులో ఆమె పక్క కుర్చీ నాది, కాబట్టి ఆ రెండూ ఊరిలో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. నా పేరు జయలక్ష్మి. ఆ ఆఫీసులో లెక్కలు రాస్తాను. చూసింది చూసినట్టు చెప్పడం తప్ప నాకు ఇంకో విద్య రాదు.

మాది లారీ కాటాలకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ. లారీ కాటా ఎక్కితే దాని బరువు పక్కనున్న అంకెల డబ్బాలో కనిపిస్తుంది. ఆ డబ్బా నుంచి ఒక కేబుల్ కంప్యూటరుకు వస్తుంది. మా సాఫ్ట్‌వేర్ ఆ బరువును అందుకుని చీటీ కొడుతుంది. బియ్యం మిల్లులూ విత్తనాల ఫ్యాక్టరీలూ మా గిరాకీలు. కాటా దగ్గర కూర్చునేవాళ్లకు ఇదంతా నేర్పించడం పూర్ణిమ పని. నేర్పి నేర్పి ఆమె ఒక పుస్తకమే రాసింది. నూటఅరవై పేజీలు, బొమ్మలతో సహా.

ఆ పుస్తకంలో ప్రతి పేజీ వెనక ఒక ఫోన్ ఉంది. ఆత్మకూరులో ఒకాయన ప్రింటరుకు కాగితం తిరగేసి పెట్టి, చీటీ తెల్లగా వస్తోందని గంటసేపు తిట్టాడు. దానికొక పేజీ. జూపాడు బంగ్లాలో ఇంకొకాయన కీబోర్డు కడిగి ఎండబెట్టాడు. దానికొక పేజీ. ఎవరు ఏ పొరపాటు చేసినా ఆమె పుస్తకంలోకి ఎక్కాల్సిందే. పుస్తకం అట్ట మీద ఆమె పేరు ఉంటుంది. ఆ పేరు మీద ఆమెకున్న ప్రేమ మొగుడి మీద కూడా ఉండదని నేనంటే, ‘ఉండు నీ పని చెప్తా’ అని నవ్వేది.

అయితే ఆ పుస్తకాన్ని ఎవరూ చదవరు. మిల్లుల్లో దాన్ని కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాళ్లు. పుస్తకం పక్కనే పెట్టుకుని మాకే ఫోన్ చేసేవాళ్లు. అందుకని మా యజమాని జ్ఞానప్రకాశం సార్ ఒకరోజు అందరినీ పిలిచి, పుస్తకం ఉండనీ గానీ, మొదటిరోజు కాటా నడవడానికి ఏం చేయాలో అంతవరకే ఒక్క కార్డు మీద కావాలన్నాడు. ఆళ్లగడ్డలో కొత్త ఆఫీసు తెరుస్తున్నానని, ఎవరి కార్డుతో పని జరిగితే వాళ్లే దాన్ని చూసుకుంటారని కూడా అన్నాడు.

పూర్ణిమ ఇల్లు ఆళ్లగడ్డలో. పొద్దున చీకటితో లేచి వంట చేసి, కూతురు దీపికను బడికి తయారుచేసి, శిరివెళ్ల మీదుగా వచ్చే బస్సులో నిలబడి నంద్యాల చేరుతుంది. సాయంత్రం మళ్లీ అదే బస్సు. ఆళ్లగడ్డ ఆఫీసు వస్తే బిడ్డ బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండొచ్చు. ఎప్పటినుంచో ఆమె అడుగుతున్నది అదొక్కటే. కార్డు రాయడం ఎంతసేపు, పుస్తకమే తనది కదా అనుకుంది.

పోటీకి వచ్చింది ప్రణతి. కొత్తగా చేరిన పిల్ల. ఆ పిల్లది ఆళ్లగడ్డ పక్కన అహోబిలం. వాళ్ల నాయన లక్ష్మీనరసింహం అక్కడి గుడిలో సేవ చేస్తాడు. ఆళ్లగడ్డ ఆఫీసు వస్తే ఆ పిల్లకూ నంద్యాల హాస్టలు తిండి తప్పి ఇంటి అన్నం దొరుకుతుంది. నెమ్మదిగా మాట్లాడుతుంది, ఎవరు చెప్పినా శ్రద్ధగా వింటుంది. ఆ వినడమే పూర్ణిమకు మొదటినుంచీ గిట్టలేదు.

‘చూడు జయక్కా, ఎట్ల తల ఊపుతాందో. అన్నీ తెలిసి ఏమీ తెలీనట్ల’ అనేది.

‘తెలీకనే ఊపుతాందేమో లే’ అంటే, ‘నువ్వు ఆ పిల్ల పక్కా?’ అని నా మీద పడేది.

పూర్ణిమ తన కార్డు మొదలుపెట్టింది. ఒక లైను కొట్టేయబోయి ఆగేది. ‘ఇది తీస్తే ఆత్మకూరాయన మళ్లీ ఫోన్ చేస్తాడు’ అనేది. ఇంకొకటి కొట్టేయబోయి, ‘ఇది తీస్తే ఎట్ల?’ అనేది. చివరికి కార్డు రెండువైపులా నిండిపోయి, అక్షరాలు చీమల్లా తయారయ్యాయి. నా కళ్లజోడుతో కూడా చదవలేకపోయాను. ఆ మాట పైకి అంటే ఆ పూట అన్నం మానేస్తుందని ఊరుకున్నాను.

ప్రణతి పద్ధతి వేరు. పూర్ణిమ పుస్తకం ముందు పెట్టుకుని, ప్రతి పేజీ దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకుంది. ఇది చేయకపోతే మొదటి చీటీ వస్తుందా, రాదా? వస్తుందంటే ఆ పేజీ కార్డుకు అక్కర్లేదు. అట్లా తీసేస్తూ పోతే ఆరు మెట్లు మిగిలాయి. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, కేబుల్ పెట్టడం, ఆ కేబుల్‌కు కంప్యూటరు ఇచ్చిన పోర్టు నంబరు ఎంచుకోవడం, అంకెల డబ్బా ఏ కంపెనీదో ఎంచుకోవడం, ఒక మనిషిని కాటా మీద నిలబెట్టి డబ్బాలో అంకె, తెర మీద అంకె ఒకటేనా చూడటం, చీటీ కొట్టడం. పైన పెద్ద అక్షరాలతో ‘ఇది మొదటిరోజు ఒక్కసారి చేస్తే చాలు’ అని రాసింది. మిగతాదానికి పుస్తకం చూడమని కింద ఒక్క ముక్క.

తర్వాత కార్డు తెచ్చి నా చేతికిచ్చింది. ‘అక్కా, మీరు ఎప్పుడూ ఇది ముట్టుకోల్యా కదా. చేసి చూడండి. నేను పక్కన నిలబడతా, ఏమీ చెప్పను’ అంది.

ఆఫీసులో చూపించడానికి పెట్టిన చిన్న కాటా ఉంది. కార్డు చూసుకుంటూ చేశాను. నాలుగో మెట్టు దగ్గర నేను తడబడితే ఆ పిల్ల నోరు మెదపలేదు, కాగితం మీద ఏదో రాసుకుంది. మొత్తానికి చీటీ బయటికొచ్చింది. నా బరువు చూసి నాకే సిగ్గేసింది. సార్ చప్పట్లు కొట్టాడు. తలుపు దగ్గర నిలబడిన పూర్ణిమ ముఖం మాడిపోయింది. ఆమె పుస్తకాన్ని ఎన్నడూ తెరవని నేను, ఆ పిల్ల కార్డుతో పని చేసేశాను. అది నేనే చేసినందుకు ఆమెకు ఇంకా మండింది.

నాలుగో మెట్టు సరిచేసుకుని ప్రణతి ఆమె దగ్గరకే వెళ్లింది. ‘పూర్ణిమక్కా, పుస్తకం మీది. నేనేమన్నా ఇడిసిపెట్టి ఉంటే చెప్పండి.’

పూర్ణిమ కార్డు తీసుకుని చాలాసేపు చూసింది. ‘ఏం ల్యా. బాగుంది’ అంది.

ఒకటి ఉంది. అది ఆమెకు కనబడింది కూడా. మా వైపు కొత్త మిషను ఏదొచ్చినా పూజ చేయకుండా పని మొదలుపెట్టరు. శుక్రవారం పొద్దున కంప్యూటరు వైర్లన్నీ పీకి, వసారాలో పెట్టి తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, పూలమాల వేసి, టెంకాయ కొట్టి, మళ్లీ వైర్లు తగిలిస్తారు. కేబుల్ ఇంతకుముందు ఏ రంధ్రంలో ఉందో ఎవరు చూసుకుంటారు? వేరే రంధ్రంలో పెడితే కంప్యూటరు దానికి వేరే పోర్టు నంబరు ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం పాత నంబరు దగ్గరే బరువు కోసం కూర్చుని ఉంటుంది. పూర్ణిమ పుస్తకంలో దీనికి ‘పూజ తర్వాత’ అని ఒక పేజీ ఉంది. పూజ చేయకపోయినా మొదటి చీటీ వస్తుంది కాబట్టి ప్రణతి ఆ పేజీ తీసేసింది. ఆ వైపే పుట్టి పెరిగిన పూర్ణిమ తెలిసీ ఆ మాట మింగేసింది. ఈ సంగతి ఆమే నాకు తర్వాత చెప్పింది.

ఆళ్లగడ్డలో ఆదినారాయణ అనే ఆసామి విత్తనాల ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్‌తోపాటు ప్రణతి కార్డు పంపారు. కాటా దగ్గర కూర్చునే సంజీవయ్య గురువారం సాయంత్రం ఒక్కడే కార్డు చూసి ఆరు మెట్లూ చేసి, చీటీ కొట్టి, ఆ చీటీ ఫోటో సార్‌కు పంపాడు. ఫోన్ కూడా చేయలేదు. సార్ ఆ ఫోటో అందరికీ చూపించాడు. ‘రేపు శుక్రవారం కదా’ అని మాత్రం అంది పూర్ణిమ. ఎందుకన్నదో నాకు అర్థం కాలేదు.

శుక్రవారం ఆమె రెండు బస్సులు వదిలేసింది. ఆళ్లగడ్డ బస్టాండులోనే కూర్చుని ఫోన్ చేతిలో పట్టుకుని చూస్తూ ఉందంట. అనుకున్నట్టే సార్ ఫోన్ చేశాడు. ‘పూర్ణిమా, యాడుండావ్? ఆదినారాయణ కాటాలో బరువు రాల్యేదంట. లారీలు రోడ్డు దాకా నిలబడిపోయినాయి.’

‘ఈడనే సార్, పోతాండా’ అంది.

ఆమె వెళ్లేసరికి సంజీవయ్య కార్డు పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. ఒక్కసారి చేస్తే చాలని దాని మీదే రాసి ఉంటే మళ్లీ ఎట్లా చేస్తాడు? ఆదినారాయణ గట్టిగా అరుస్తున్నాడు. పూర్ణిమ పూలమాల పక్కకు జరిపి, కేబుల్ పీకి, పాత రంధ్రంలో పెట్టింది. బరువు వచ్చింది. ‘పుస్తకంలో ఉంది ఇది. చదివే ఓపిక యాడుంది ఎవురికీ?’ అని నలుగురూ వినేలా అంది. ఆ పూట ఆమె ఆనందం చెప్పలేను. నంద్యాలకు వచ్చి నాకు బొరుగుల పొట్లం కూడా కొనిచ్చింది.

మధ్యాహ్నం సార్ అందరినీ కూర్చోబెట్టాడు. ప్రణతి చేతిలో పూర్ణిమ పుస్తకం ఉంది, ‘పూజ తర్వాత’ పేజీ తెరిచి. అడిగితే బాగుందన్నావు కదా అని ఆ పిల్ల ఇప్పుడంటే పూర్ణిమ పని అయిపోయినట్టే.

‘సార్, ఇది అక్క పుస్తకంలో రాసే ఉంది. నేనే తీసేసినా. తప్పు నాది’ అంది ప్రణతి.

అంతే. ఇంకొక్క మాట లేదు. పూర్ణిమ వైపు చూడనైనా లేదు. పూర్ణిమ మాత్రం ఆ మిగతా మాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. అది రాలేదు. ఆళ్లగడ్డ ఆఫీసు పూర్ణిమకే అని సార్ అక్కడికక్కడే చెప్పేశాడు. ప్రణతి కార్డు మీద ‘ఒక్కసారి చేస్తే చాలు’ తీసేసి, ‘కేబుల్ తీసి పెట్టాక బరువు రాకపోతే మూడో మెట్టు నుంచి మళ్లీ చేయండి’ అని ఒక్క లైను కలిపింది. పూజ మాట లేదు, పూర్ణిమ పేరు లేదు. ఇల్లు ఊడ్చేటప్పుడు కేబుల్ ఊడినా, పిల్లి లాగినా ఆ లైను పనికొస్తుంది.

ఆ సాయంత్రం పూర్ణిమ బ్యాగు సర్దుకుంటూ, ‘ఆ పిల్ల తిట్టినా బాగుండు జయక్కా’ అంది. ‘ఇప్పుడు మంచిదనే పేరు కూడా దానికే పాయె.’

రెండు నెలల తర్వాత ఏదో పని మీద ఆళ్లగడ్డ ఆఫీసుకు వెళ్లాను. గది చక్కగా ఉంది, ఫ్యాను తిరుగుతోంది, ఫోన్ మోగడం లేదు. అన్ని మిల్లుల్లోనూ ఆ కార్డు గోడకెక్కింది. అడగడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. బల్ల మీద పూర్ణిమ పుస్తకాలు కట్ట విప్పకుండా ఉన్నాయి. దీపిక బడి నుంచి వచ్చి మూలన కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. కోరుకున్నదంతా ఆ గదిలోనే ఉంది, పూర్ణిమ ముఖంలో కళ మాత్రం లేదు.

అంతలో శిరివెళ్ల నుంచి ఒక మిల్లు మనిషి వచ్చాడు. వాళ్ల కార్డు తడిసిపోయిందంట, ఇంకొకటి కావాలన్నాడు. పూర్ణిమ కార్డుతోపాటు పుస్తకం కూడా అతని ముందుకు జరిపింది.

‘పుస్తకం వద్దు మేడమ్, కార్డు చాలు’ అని అతను కార్డు తిప్పి చూశాడు. ‘దీన్ని రాసింది మీరేనా? మా అసుంటోళ్లకు బాగా అర్థమైతాంది.’

పూర్ణిమ నా వైపు చూసింది. అవునంటే కాదనేవాళ్లు అక్కడ ఎవరూ లేరు, నేను తప్ప.

‘నేను కాదు. నంద్యాలలో ఒక పిల్ల ఉంది’ అంది.

‘చానా మంచి పని చేసినాది. మేం చెప్పినామని చెప్పండి ఆయమ్మకు.’

‘చెప్తా’ అంది పూర్ణిమ.

అతను మెట్లు దిగిపోయేదాకా ఆగింది. తర్వాత పుస్తకం మీద దుమ్ము కొంగుతో తుడిచి, కట్టలో పెట్టేసి, నా వైపు తిరిగింది.

‘జయక్కా, ఆ పిల్లకు ఈ మాట నువ్వూ చెప్పాకు.’