రోజు ధరకు పంపిన బండలు

మా అన్నకు నేను జీవితంలో ఒక్కటే ద్రోహం చేశాను. తెలివి అనుకుని చేశాను. ఆ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది రాయడం తేలిక.

బేతంచెర్లలో మాకు బండల ఫ్యాక్టరీ ఉండేది. నల్ల కడప బండను కొలతకు కోసి, పాలిష్ పట్టి, చెక్కపెట్టెల్లో సర్ది, కంటైనర్లలో యూరప్‌కు పంపేవాళ్ళం. మన దగ్గర వంటింటి గూళ్ళకు వాడే రాయి అక్కడివాళ్ళకు తోటలో దారి. రాయి సంగతంతా అన్నది. ఏ బండలో పగులు దాగి ఉందో వేలి కణుపుతో తట్టి చెప్పేవాడు. కాగితాలు, పోర్టు, ఓడ ఏజెంటు నావి. మా ఆయన నంద్యాలలో టీచరు కాబట్టి నేను రోజూ రైల్లో వచ్చిపోయేదాన్ని. అన్న పదో తరగతి దాటలేదు, నేను బీకాం. ఆ బీకామే మా కొంప ముంచింది.

మా సరుకులో ముప్పాతిక ఒక్క మనిషికే పోయేది. బెల్జియంలో తోట రాళ్ళ దుకాణాలున్న పెద్దాయన. పన్నెండేళ్ళ బేరం. ఒకసారి బేతంచెర్లకు వచ్చి, వద్దంటున్నా వినకుండా అన్నతో పోటీపడి ఉగ్గాని బజ్జీ తిని, రెండు రోజులు నంద్యాలలో మా ఇంట్లో పడుకున్నాడు. ఏటా చలికాలం ముందు ఆయనకు ధరల పట్టిక ఇచ్చేవాళ్ళం. ఓడ కిరాయి కూడా అందులోనే కలిపి, వసంతం దాకా అదే ధర. వాళ్ళకు చలి తగ్గగానే తోటపని మొదలవుతుంది. అప్పటికి బండలు దుకాణంలో ఉండాలి. ఆ తర్వాత వస్తే మళ్ళీ ఏడాది దాకా వాటితో పని లేదు.

ఓడ కిరాయి రెండు రకాలు. ఏడాదికి ఒప్పందం చేసుకుంటే కంటైనరుకు ఒకటే రేటు, నెలకు ఇన్ని కంటైనర్లు ఇస్తామని మనం, చోటిస్తామని ఓడవాళ్ళు మాట ఇచ్చుకుంటాం. లేదంటే రోజు ధర. ఆ వారం, ఆ పదిహేను రోజులకు ఓడవాళ్ళు ఎంతంటే అంత. వ్యాపారంలో దాన్ని స్పాట్ అంటారు. అన్న మొదటి నుంచీ ఒప్పందం మనిషి.

నేను మాత్రం మా నాన్న కూతుర్ని. నాన్న కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల వ్యాపారి. కోమటి ఇంట్లో పిల్లలకు పాలతో పాటు పోసేది ఒకటుంది. ధర పొద్దున పుట్టి సాయంత్రానికి చచ్చేది, నిన్నటి ధరకు ఈరోజు కొనేవాడు వెర్రివాడు. నాన్న ఎవరితోనూ సీజను మొత్తానికి మాట ఇచ్చి ఎరగడు. ఉల్లి దగ్గర ఆ లెక్క తప్పలేదు. ఓడల దగ్గర కూడా అదే లెక్క అనుకున్నాను.

ఆ ఏడు ఓడ కిరాయిలు పడిపోవడం మొదలుపెట్టాయి. యూరప్‌లో జనం కొనడం తగ్గించారు. కరోనా తర్వాత కిరాయిలు మండిపోయిన రోజుల్లో ఆర్డరిచ్చిన కొత్త ఓడలన్నీ అప్పుడే నీళ్ళలోకి దిగుతున్నాయి. సరుకు తక్కువ, చోటు ఎక్కువ. సగం ఖాళీగా పోయినా ఓడకు ఖర్చు దాదాపు అంతే కాబట్టి, వచ్చినంత చాలని ఎవరికి వాళ్ళు రేటు తగ్గించుకుంటూ పోయారు. ధర పడకుండా కొన్ని ట్రిప్పుల్ని రద్దు చేసి చూశారు, అయినా నిలబడలేదు. చివరికి రోజు ధర మా ఒప్పందం రేటులో సగానికి వచ్చింది. మేము ప్రతి కంటైనరుకూ రెట్టింపు కట్టి పంపుతున్నాం.

"అన్నా, ఈ ఒప్పందం దండగ. మనం రోజు ధరకే పంపుదాం," అన్నాను.

అన్న ఆ పూట లారీకి ఎక్కించే పెట్టెలకు మేకులు కొట్టిస్తున్నాడు. "చోటిస్తామని మాట ఇచ్చినారు గదమ్మా వాళ్ళు. మనం ఇయ్యాల ఇడిసిపెడితే, రేపు మనకు అక్కరొస్తే యాడికి పోతాం?"

"ఓడలు ఖాళీగా పోతాండాయి అన్నా! అక్కర వాళ్ళకు. వాళ్ళే మన వాకిట్లో నిలబడతారు."

"నీకు తెలిసినంత నాకు తెల్దు పాపా. నీ ఇష్టం," అన్నాడు. నాకు నలభై ఏళ్ళు దాటినా వాడికి పాపనే.

చెన్నైలో మా ఏజెంటు మర్యాదస్తుడు. రోజు ధరకు బుక్ చేయమని చెబితే చేశాడు. మూడు నెలలు మేము ఒప్పందం కింద ఒక్క కంటైనరూ ఇవ్వలేదు. డిసెంబరులో ఒప్పందం గడువు తీరేముందు ఏజెంటు ఫోన్ చేశాడు.

"మేడం, కొత్త ఏడాదికి కొంచెమైనా రాసుకోండి. ఒప్పందంలో మీరు కొనేది రేటు మాత్రమే కాదు, ఓడలో చోటు కూడా. ఇచ్చిన మాట ప్రకారం సరుకు పంపినవాళ్ళను వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. పంపనివాళ్ళను కూడా."

అమ్ముకునేవాడు అలాగే అంటాడులే అనుకున్నాను. ఒప్పందం రాయలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఏటి నడుమనే తగలేసినదాన్ని నేను. ఆ చౌక రేటే లెక్కలో వేసుకుని, పెద్దాయనకు ధరల పట్టిక కూడా తగ్గించి ఇచ్చి ఉన్నాను. ఆయన సంతోషపడి ఆర్డరు పెంచాడు. ఆ రోజు అన్న ఫ్యాక్టరీలో అందరికీ మైసూర్‌పాక్ పంచి, మా పాప తెలివి అని చెప్పుకున్నాడు.

తర్వాత ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు జరగడం, ఓడలు సూయెజ్ మానేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడం టీవీలో అందరూ చూసినదే. నేనూ చూశాను. మనకేమవుతుందిలే, నాలుగు రోజులు ఆలస్యమవుతుంది అనుకున్నాను. పోయేటప్పుడు పది రోజులు, వచ్చేటప్పుడు పది రోజులు పెరిగేసరికి, అదే ఓడ ఏడాదిలో వేసే ట్రిప్పులు తగ్గిపోయాయి. ఓడలు ఎక్కడికీ పోలేదు, ఓడల్లో చోటు పోయింది. ఖాళీ కంటైనర్లు కూడా తిరిగి రావడం ఆలస్యమై చెన్నైలో వాటికీ కరువొచ్చింది. ఆలస్యమవుతుందని భయపడి అందరూ ఒక నెల ముందే సరుకు తోయడం మొదలుపెట్టారు. వంద చోట్లకు నూట పదిమంది వస్తే ధర పదో వంతు పెరగదు. మిగిలిపోకూడదనుకున్న ఆ చివరి పదిమంది ఎంతదాకా ఇస్తారో అంతదాకా పెరుగుతుంది. ఉల్లికి ధర వస్తే రైతు వెంటనే నారు పోస్తాడు, నాలుగు నెలలకు గడ్డ యార్డుకు వస్తుంది. ఓడ పుట్టాలంటే రెండు మూడేళ్ళు. నాన్న నాకు నేర్పని లెక్క అదొక్కటే. పాపం, ఆయనకు దానితో అవసరం పడలేదు.

జనవరిలో రోజు ధర మా పాత ఒప్పందం రేటుకు మూడింతలు దాటింది. మాది చవక రాయి, బరువు సరుకు. కంటైనరులోని రాయి ఖరీదు కంటే దాన్ని మోసే కిరాయి ఎక్కువైంది. ఏజెంటును బతిమాలాను, పాత ఒప్పందం రేటుకు రెట్టింపు ఇస్తానన్నాను. ఒప్పందం ఉన్నవాళ్ళను కూడా అదనపు చార్జీలు వేసి బాదుతున్నారట, వాళ్ళవి కూడా కొన్ని కంటైనర్లు తర్వాతి ఓడకు నెడుతున్నారట. అయినా వాళ్ళకు వారానికి ఎంతో కొంత చోటు దొరుకుతోంది.

"మీ పేరు జాబితాలో లేదు మేడం," అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. అలా అని ఉంటే బాగుండేది, తిట్టి ఫోన్ పెట్టేసేదాన్ని.

అన్నకు చెప్పడానికి పోయాను. వరండాలో కూర్చున్నాడు. ఒక్క మాటా దాచకుండా చెప్పాను. పెద్దాయనకు రాసి ధర పెంచమందామా అని అడిగాను.

"పట్టిక ఇచ్చినాం గదమ్మా. మనం ఇచ్చిన కాయితమే గదా అది."

"అయితే ఈ ఏడు పంపలేమని రాద్దామా?"

"ఆయప్ప అంగట్లో ఏం పెట్టుకుంటాడు? మనల్ని నమ్ముకోని వేరే యాడా చెప్పలేదు. పంపుదాం. ఎంతైతే అంత."

నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. వినలేదు. కొత్తగా కొన్న కోత మిషను మొదట పోయింది, తర్వాత వదిన పేరు మీదున్న స్థలం. ఆ డబ్బుతో మండే ధరకు చోటు కొన్నాం. కొన్నా ఏమైంది? మా కంటైనర్లను మొదటి ఓడ ఎక్కించుకోలేదు, రెండోదీ వదిలేసింది. మూడో ఓడలో ఎక్కి ఆఫ్రికా అంతా చుట్టుకుని పోయేసరికి అక్కడ తోటల పని ముగిసింది. పెద్దాయన ఆగి ఆగి, పోర్చుగల్ నుంచి లారీల్లో వేరే రాయి తెప్పించుకున్నాడు. మా బండలు గోడౌన్లో పెట్టుకుని, మాకు చాలా మంచి ఉత్తరం రాశాడు. మీ తప్పేమీ లేదు, కానీ నా వయసులో ఇంతగా ఎదురుచూడలేను, ఇకపై దగ్గరి రాయే కొంటాను అని. అన్న ఆ ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. "మంచోడు," అన్నాడు.

ఫ్యాక్టరీ అమ్మేశాం. కొన్నది పక్క వీధి కుర్రవాడే, తెలివైనవాడు. అన్నను అక్కడే రాయి చూసుకునే సూపర్‌వైజరుగా పెట్టుకున్నాడు. తన ఫ్యాక్టరీకే తను జీతానికి పోతున్నాడు మా అన్న. నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. వదిన అన్నది, మా ఆయన అన్నాడు. అవి నాకు మందులా పనిచేశాయి. అన్న అనకపోవడమే తట్టుకోలేకపోయాను.

మొన్న ఏవో పాత కాగితాలు కావాలంటే ఫ్యాక్టరీకి పోయాను. కిరాయిలు మళ్ళీ దిగుతున్నాయి. కొత్త ఓనరు నన్ను చూసి కుర్చీ వేసి, ఒప్పందం రాసుకోవాలా, రోజు ధరకు పోవాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నానని చెప్పాడు. నేను కాగితాల కట్ట విప్పడం మొదలుపెట్టాను. అన్న బండల దగ్గర్నుంచి దుమ్ము చేతులతో వచ్చి, అతని భుజం తట్టాడు.

"మా పాపను అడుగప్పా," అన్నాడు. "ఈ ఓడల సంగతి ఆమెకు తెలిసినంత ఈడ ఎవురికీ తెల్దు."

అందులో ఎగతాళి ఉందేమోనని వాడి మొహంలో వెతికాను. లేదు. మైసూర్‌పాక్ పంచిన నాడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. వాళ్ళిద్దరి ముందే ఏడ్చాను. ఏడుస్తూనే చెప్పాను, ఒప్పందం రాసుకోమని, రోజు ధర సగమైన నాడు కూడా కంటైనర్లు తప్పకుండా అందులోనే పంపమని. కుర్రవాడు రాసుకున్నాడు. అన్న కూడా పక్కన నిలబడి, కొత్తగా వింటున్నవాడిలా, తల ఊపుతూ విన్నాడు.