శోభనాద్రి మావయ్య వేసిన పూత

చిలకలపూడిలో మా కవరింగు నగల వర్క్‌షాపుకి వచ్చి శోభనాద్రి మావయ్యతో పది నిమిషాలు మాట్లాడితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నాకు పన్నెండేళ్ళుగా మండుతూనే ఉంది. ఆయన నాకు చుట్టమేమీ కాదు, పక్క బల్ల. నేను దుద్దులకు రాళ్ళు అతికిస్తాను. ఆయన ఉక్కు దిమ్మెల మీద అచ్చులు చెక్కుతారు. ఆ అచ్చును ప్రెస్సులో బిగించి రాగి రేకు మీద కొడితే హారానికి మామిడి పిందెలు పడతాయి. ఏ అచ్చయినా మొదటి దెబ్బ తన కళ్ళెదుట పడాల్సిందే అంటారు. అరవై మూడేళ్ళొచ్చినా ఆ హక్కు ఎవరికీ వదల్లేదు.

నలభై ఏళ్ళు ప్రెస్సు చప్పుడు విని విని ఆయన చెవులు దెబ్బతిన్నాయి. చెవి మిషను పెట్టుకోమని డాక్టరు చెప్తే, "ముసలాడినని బోర్డు కట్టుకుని తిరగమంటారా?" అని లేచొచ్చేశారు. చివరికి మనవరాలు నవ్యశ్రీ ఉపాయం చెప్పింది. వైర్లు లేని ఇయర్‌బడ్స్ కొనిపించి, ఫోన్‌లో మాటలు పెద్దవి చేసే యాప్ పెట్టింది. ఫోన్ చొక్కా జేబులో ఉంటే చాలు, ఎదుటివాళ్ళ మాట చెవిలో పడుతుంది, కాకపోతే ఒక్క రవ్వ ఆలస్యంగా. పాటలు వింటున్నాడని జనం అనుకుంటే ఆయనకు మహా సంబరం.

మొన్న ఆదివారం తర్వాత ఆ రెండు బడ్సూ మూగబోయాయి. రాత్రంతా వాటి చార్జింగ్ డబ్బాలో, అదే కేసులో పెట్టినా చార్జింగ్ ఎక్కలేదు. కొన్న షాపుకి తీసుకెళ్తే, వాళ్ళు మూత తెరిచి చూసి, "కేసు బ్యాటరీ పోయిందండీ, కొత్తవి తీసుకోండి" అన్నారు.

"కేసు లైటు వెలుగుతుంటే బ్యాటరీ పోయిందంటాడేంటి? పని తెలియనివాడి దగ్గర నేను కొనను" అని మావయ్య వచ్చేశారు.

బుధవారం పొద్దున కొత్త అచ్చు కింద రేకు సర్దుతూ చెయ్యి లోపల ఉంచారు. ప్రెస్సు మీదున్న గణపతి "చెయ్యి తియ్యండి!" అని రెండుసార్లు అరిచాడు. ఆయనకు వినిపించలేదు. నేను పరుగెత్తి చొక్కా పట్టుకుని లాగాను. ఆయనేమో చొక్కా గుండీ ఊడిందని నన్నే తిట్టారు.

ఓనరు కళ్యాణ్ బాబు వచ్చాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. "రేపటి నుంచి ప్యాకింగ్‌లో కూర్చోండి శోభనాద్రి గారూ. ప్రెస్సు దగ్గరికి రావద్దు" అని ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాడు.

"సాయంత్రం దాకా ఆగు బాబూ. వినపడేలా చేసుకుని వస్తాను. రాలేకపోతే ప్యాకింగ్‌లో కూడా కూర్చోను, ఇంటికి పోతాను!"

ఆయన మొండిఘటం. అన్నారంటే పోతారు. అందుకే తోడుగా నేనూ బయల్దేరాను.

బస్టాండు దారిలో మెట్ల కింద రాజకుమారి అనే అమ్మాయి ఫోన్లు బాగు చేస్తుంది. విషయమంతా నేనే చెప్పాను. ఆమె ముందు కేసుకి కేబుల్ పెట్టి చూసింది. బడ్స్‌కి చార్జింగ్ ఎక్కలేదు. తన దగ్గరున్న అదే కంపెనీ పాత బడ్స్ జతలో ఎడమది తీసి ఎడమ గుంటలో పెడితే, కేబుల్ లేకుండానే దాని మీద ఎర్ర లైటు వెలిగింది.

"కేసు బ్యాటరీ బాగానే ఉందండీ. లోపలున్న స్ప్రింగు పిన్నులూ బాగున్నాయి" అంది. నేను ఆయన చెవిలో అరిచాను.

"నేను చెప్పలా!" అని బల్ల మీద కొట్టారు.

ఆ జతలో కుడిది కుడి గుంటలో పెడితే లైటు రాలేదు. వేలితో నొక్కితే వచ్చింది, వదిలితే పోయింది. రాజకుమారి భూతద్దంలోంచి చూసి నవ్వింది. బడ్‌ను లాగి కూర్చోబెట్టడానికి గుంట కింద అయస్కాంతం ఉంటుందట. మావయ్య అచ్చులు చెక్కినప్పుడు రాలిన ఉక్కు పొడి అంతా దాని దగ్గర పేరుకుని, బడ్‌ను వెంట్రుకవాసి పైకెత్తి ఉంచింది. ఆమె మెత్తటి జిగురుముద్ద అద్ది అద్ది పొడి లాగేసింది. పట్టుకారు పెడితే అదీ అయస్కాంతానికే అతుక్కుంటుందట. ఇప్పుడు పాత బడ్ టక్కున కూర్చుని వెలిగింది.

మావయ్య బడ్స్ పెట్టింది. రెండూ చీకటే. నొక్కినా చీకటే. వాటి అడుగున ఉండే బంగారు చుక్కల మీద మీటరు ముల్లు మెల్లగా ఆనించింది. కరెంటుకి దారి ఉంటే కూయాల్సిన మీటరు పలకలేదు.

"బాబాయి గారూ, వీటికి ఏమైనా పూశారా?" అని కాగితం మీద రాసి చూపించింది.

ఆయన గర్వంగా తలెత్తారు. "ఆదివారం పూశాను. చెమటకి పచ్చగా చిలుం పడుతుంటే, శుభ్రంగా తుడిచి లక్క పూత వేశాను. మా బందరు నగ ఏళ్ళ తరబడి నల్లబడకుండా ఉండేది ఆ పూతతోనే."

రాజకుమారి మళ్ళీ రాసింది. 'ఆ పూతలోంచి కరెంటు పోదు. కొత్తవి కొన్నా వాటికీ పూసేవారు.'

ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. చెవుల దాకా ఎర్రబడ్డారు. నాకు లోపల నవ్వూ, జాలీ రెండూ వచ్చాయి. ఊరంతా మెచ్చుకునే చేతిపనే ఆయన చెవులు మూసేసింది మరి.

"తీసెయ్యి" అన్నారు చివరికి.

ఆమె తల అడ్డంగా ఊపింది. గోళ్ళరంగు తీసే మందు వేస్తే ప్లాస్టిక్ కరుగుతుందట, గట్టిగా గీకితే కింద ఉన్న బంగారు పొర లేచిపోతుందట. "అంత సన్నపని నా చేతికి రాదండీ" అంది దాచకుండా.

ఆ మాట నేను చెప్పగానే మావయ్య భూతద్దం తన వైపు లాక్కున్నారు. "నాకొచ్చు. నేను వేసిన పూత నేనే తీస్తాను. ఇటివ్వు."

రాజకుమారి దూదికి ఒక చుక్క స్పిరిట్ అంటించి ఇచ్చింది. అది అద్ది పూత మెత్తబడే దాకా ఆగారు. తర్వాత వెదురు పుల్ల చివర చెక్కి, ఊపిరి బిగబట్టి, అంచు నుంచి లేపారు. ఉల్లిపొర కంటే పల్చగా లేచింది. నాలుగు చుక్కలకూ గంట పట్టింది. ఒక్క గీత పడలేదు. కేసులో పెట్టగానే రెండు ఎర్ర లైట్లూ వెలిగాయి.

రాజకుమారి నోరు తెరిచి చూస్తుండగా ఆయన తన చేతులు ఎవరో దొంగిలించబోయినట్టు వెనక్కి పెట్టుకున్నారు. అయినా అడగాల్సింది అడిగారు. వారానికోసారి ఎలా తుడవాలి, గుంటలో పొడి ఎలా తీయాలి, అన్నీ ఆమె చేత రాయించుకుని ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. జీవితంలో ఒకరి దగ్గర పని నేర్చుకోవడానికి ఆయన తల వంచడం నేను చూసింది అదే మొదటిసారి.

నాలుగున్నరకి వర్క్‌షాపులో అడుగుపెట్టాం. ఆయన చెవులకు బడ్స్ పెట్టుకుని, ఫోన్ జేబులో వేసుకుని ప్రెస్సు దగ్గరికి నడిచి అచ్చు బిగించడం మొదలుపెట్టారు. కళ్యాణ్ బాబు వెనక నిలబడి, నా వైపు వంగి గొంతు తగ్గించి అన్నాడు.

"ఎన్నాళ్ళులే సుగుణ గారూ. వారంలో మళ్ళీ పాడవుతాయి. అప్పుడు ప్యాకింగ్‌కి పంపిద్దాం."

మావయ్య చేతులు ఆగాయి. ఒక్క రవ్వ ఆలస్యంగా, వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చారు.

"పాడైతే నేనే బాగు చేసుకుంటాను బాబూ. పక్కకి జరుగు, మొదటి దెబ్బ పడాలి."

కళ్యాణ్ బాబు పక్కకి జరిగాడు.