పక్క గదిలో నడక జట్టు

కర్నూలులో సైకియాట్రీ పీజీ చేస్తున్నప్పుడు నా థీసిస్ నర్సుల ఒత్తిడి మీద. మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం కోర్సుతో అది తగ్గుతుందా అని చూడాలి. ఎనిమిది వారాల కోర్సు. వారానికొక పెద్ద క్లాసు, పడుకుని కాలివేళ్ల నుంచి తలదాకా ఒళ్లును గమనించుకోవడం, ఊపిరి మీద ధ్యాస, తేలికైన ఆసనాలు, ఇంట్లో రోజూ సాధన. అంతకుముందు ఆ కోర్సుతో నాకూ మేలు జరిగింది కాబట్టి, ఫలితం ఎలా ఉంటుందో నాకు తెలుసనుకున్నాను.

మా గైడు కడప మనిషి. నా ప్రణాళిక చదివి కళ్లజోడు తీశారు.

"సగం మందికి నేర్పిస్తాండావు. మిగతావాళ్లు?"

"తర్వాత నేర్పుతామని ఆగమంటాం సార్."

"అంటే వీళ్లకు వారం వారం క్లాసు, టీ, కష్టం చెప్పుకునే తోడు. వాళ్లకేమీ ల్యా. బాగయితే ధ్యానంతోనో, టీతోనో యాడ తెలుస్తాది మ్మా?"

ఆ సంగతి పాత పరిశోధనల్లోనూ కనిపించేదే. ఏమీ అందనివాళ్లతో పోలిస్తే ధ్యానం చేసినవాళ్లకు ఆందోళన, దిగులు కొంత తగ్గుతాయి. ఇంకేదైనా చేసినవాళ్లతో పోలిస్తే ఆ తేడా చాలాసార్లు పలచబడుతుంది. పైగా తామేం చేస్తున్నారో పాల్గొన్నవాళ్లకు తెలుసు, తమ ఒత్తిడికి మార్కులు వేసుకునేదీ వాళ్లే. మానేసినవాళ్లు లెక్కలోంచి జారిపోతారు. ధ్యానం వల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగిందా అని అడిగిన పరిశోధకులు తక్కువ.

అందుకని పక్క గదిలో రెండో జట్టు పెట్టాం. అదే సమయం, అదే టీ. ఫిజియోథెరపిస్టు ఒకామె నడక, నిద్ర, తిండి గురించి ఉత్సాహంగా చెప్పేది. ఎవరు ఏ జట్టో చీటీలే తేల్చాయి.

కల్లూరు నుంచి వచ్చే ఒక సీనియర్ నర్సుకు నడక చీటీ వచ్చింది.

"నాకు ధ్యానం రాలేదా మేడమ్? ఈ నడకతో ఏమయితాది?" అంది ముఖం చిన్నబుచ్చుకుని. అయినా మానలేదు.

నేను నేర్పే ధ్యానం జట్టులో ఒకామె కళ్లు మూసుకోగానే చనిపోయిన తల్లి గుర్తొచ్చి ఏడ్చేసింది. కళ్లు తెరిచి, పాదాలు నేలకు తగిలేది గమనించమన్నాను. తేరుకుంది గానీ మళ్లీ రాలేదు. ఆ ఇబ్బందిని రాసుకున్నాం, చివర్లో ఆమెనూ మా జట్టులోనే లెక్కపెట్టాం.

ఫలితాలొచ్చాయి. రెండు జట్లలోనూ ఒత్తిడి తగ్గింది. ధ్యానం జట్టులో పిసరంత ఎక్కువ తగ్గింది గానీ, అది యాదృచ్ఛికం కాదని చెప్పగలిగేంత కాదు. మా చిన్న అధ్యయనంలో అంతకంటే తేలదు.

నీరసంగా సారు గదికి వెళ్లాను.

"ఏం తేలలేదు సార్."

"అట్లనెందుకు? రెండు జట్లకూ మేలయినట్ల ఉండాది. దాన్ని ధ్యానం గొప్ప అని రాయకుంటే సాలు. నీ మాట నమ్మొచ్చు ఇప్పుడు."

ఆ మాటతో మనసు తేలికైంది. ఉన్నదున్నట్టే రాశాను.

పరీక్షలయ్యాక ఒక సాయంత్రం కాలువ గట్టున ఆ కల్లూరు నర్సు ఎదురైంది. వెంట నడక జట్టులోని ఇంకో ఇద్దరు.

"నిద్ర శానా బాగా పడతాండాది మేడమ్. రాండి, వంతెన దాకా పోయొద్దాం."

చెప్పులు సరిచేసుకుని వాళ్లతో కలిశాను.