బటన్ అంచు లాగే జబ్బు

పలాసలో జీడిపిక్కల వ్యాపారుల యాప్‌కి ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో బటన్లు గీస్తున్నాను. మాట పెరిగితే బటనూ దానంతటదే పెరిగేలా ఆటో లేఅవుట్ పెట్టానని ఆఫీసంతా చాటాను. తీరా ‘అమ్ము’ తీసేసి ‘జీడిపిక్కలు అమ్మండి’ అని రాయగానే అక్షరాలు బటన్ దాటి పక్కదాని మీద పడ్డాయి. నేను ఫిగ్మాని తిట్టాను.

పక్క సీట్లో కోడ్ రాసే టెక్కలి స్నేహితుడు తొంగి చూశాడు.

“ఏటి బావా, అంచట్టుకుని లాగీసినావా? లాగితే వెడల్పు ఫిక్స్‌డ్ అయిపోద్ది. అది తీసీసి హగ్ పెట్టు.”

లాగాను మరి. అందం కోసం ప్రతి బటన్నీ లాగాను.

హగ్ పెట్టగానే బటన్ మాటకి తగ్గట్టు పెరిగింది. బయటి ఫ్రేమ్‌లో బటన్ల మధ్య ఇచ్చిన గ్యాప్ అలాగే ఉండి, పక్క బటన్ బుద్ధిగా జరిగింది.

“ఇంక ముట్టుకోకు,” అన్నాడు.

అంచు రవ్వంత సర్దుదామని మళ్లీ చెయ్యి చాపాను. వాడు నా మౌస్ పీకి జేబులో వేసుకుని టీకి వెళ్లిపోయాడు.